శిఖరం కొన కరిగిపోకుండా ప్రింట్ చేయడం ఎలా: పొరకు ఇవ్వవలసిన కనీస సమయం, చల్లార్చే పద్ధతి

ఇంట్లోనో కళాశాల ప్రయోగశాలలోనో త్రీడీ ప్రింటర్‌తో గుడి శిఖరం, ధ్వజస్తంభం, మినార్ వంటి నిలువు నమూనాలు తీసేవారికి ఒక ఇబ్బంది తరచూ ఎదురవుతుంది. అడుగు భాగం, నడుము భాగం చక్కగా వస్తాయి. చివరి సెంటీమీటరు దగ్గరకు రాగానే అంచులు మెత్తబడి, కలశం ఆకారం చెదిరి, కొన ఒక ముద్దగా మిగులుతుంది. ప్రింటర్ చెడిపోయిందనో, ఫిలమెంట్ నాసిరకమనో చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ జరుగుతున్నది ఒక్కటే: ఒక పొర గట్టిపడక ముందే దాని మీద మరో వేడి పొర వచ్చి పడుతోంది. పైకి పోయిన కొద్దీ పొర చిన్నదవుతుంది, చిన్న పొర క్షణంలో పూర్తవుతుంది, కాబట్టి చల్లారడానికి దానికి దొరికే వ్యవధి కూడా తగ్గిపోతుంది.

ఈ వ్యాసంలో ఒకే నమూనాను మొదటి నుంచి చివరి వరకు తీసుకుని చెబుతాను. ఓరుగల్లు ప్రాంతంలో గుళ్ళ నమూనాలు చేసి జ్ఞాపికలుగా ఇవ్వడం బాగా ఉంది కాబట్టి, 60 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒక చిన్న శిఖరాన్ని అనుకుందాం. అడుగున 22 మిల్లీమీటర్ల చదరం. 48 మిల్లీమీటర్ల ఎత్తు వరకు శిఖర భాగం ఉంటుంది. ఆ పైన 12 మిల్లీమీటర్ల పొడవున కలశం. దాని మొదట్లో వ్యాసం 6 మిల్లీమీటర్లు, చిట్టచివర 1.2 మిల్లీమీటర్లు. నాజిల్ రంధ్రం 0.4, గీత వెడల్పు 0.45, పొర మందం 0.2 మిల్లీమీటర్లు, ఫిలమెంట్ పీఎల్‌ఏ. ఈ కొలతలు మీ దగ్గర వేరుగా ఉన్నా లెక్క వేసే తీరు ఇదే.

మొదట, లోపం ఇదేనని నిర్ధారించుకోండి

పాడైన కొనను వెలుతురులో పట్టుకుని దగ్గరగా చూడండి. కింది భాగంలో పొరల గీతలు విడివిడిగా, సమాన దూరంలో కనిపిస్తాయి. కొన దగ్గర అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఉపరితలం నునుపుగా మెరుస్తూ ఉంటే, ఆ భాగం గట్టిపడకుండానే పదే పదే వేడెక్కిందని అర్థం. మరో గుర్తు, కొన ఒక పక్కకు వాలి ఉండటం. మెత్తగా ఉన్న ప్లాస్టిక్‌ను నాజిల్ తాను కదిలే దిక్కుకు లాగుతుంది కాబట్టి ఆ వాలు ఏర్పడుతుంది. ప్రింట్ జరుగుతున్నప్పుడే గమనించగలిగితే ఇంకా మంచిది: నాజిల్‌తో పాటు కొన కూడా అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తే, అది ఇంకా మెత్తగానే ఉన్నట్టు.

కొన అసలు రాకుండా మధ్యలోనే ఆగిపోయిందంటే అది వేరే సంగతి. గీత వెడల్పు కన్నా సన్నగా ఉన్న భాగాన్ని స్లైసర్ వదిలేసి ఉండవచ్చు. అలాగే మొత్తం శిఖరమంతటా గోడలు ఉబ్బి ఉంటే ప్లాస్టిక్ ఎక్కువగా వస్తున్నట్టు. కింది భాగం శుభ్రంగా ఉండి, పైన మాత్రమే కరిగితేనే ఈ వ్యాసంలోని మెట్లు మీకు పనికొస్తాయి.

రెండో మెట్టు: పొరకు ఎంత సమయం పడుతోందో చూడండి

ప్రూసాస్లైసర్‌లో గానీ ఓర్కాస్లైసర్‌లో గానీ స్లైస్ చేసిన తరువాత ప్రివ్యూలో రంగుల జాబితా ఉంటుంది. అందులో `Layer time` ఎంచుకుంటే ఒక్కో పొరకు పట్టే సమయం రంగుల రూపంలో కనిపిస్తుంది. క్యూరాలో పొర సమయం నేరుగా కనిపించకపోయినా, `Speed` రంగులను ఎంచుకుంటే ఏ ఎత్తు నుంచి ప్రింటర్ నెమ్మదిస్తోందో తెలుస్తుంది. ఈ చూపుతో పాటు, ఒక్కసారైనా చేత్తో లెక్క వేసి చూడమని కోరుతున్నాను, ఎందుకంటే సమస్య అసలు తీవ్రత ఆ లెక్కలోనే తెలుస్తుంది.

మన కలశంలో వ్యాసం 2 మిల్లీమీటర్లకు తగ్గిన చోటును తీసుకుందాం. అది చివరి నుంచి 2 మిల్లీమీటర్ల కింద వస్తుంది. అక్కడ రెండు గోడలు పడతాయి. బయటి గోడ గీత మధ్య నుంచి కొలిస్తే వ్యాసం 1.55, కాబట్టి దాని చుట్టుకొలత సుమారు 4.9 మిల్లీమీటర్లు. లోపలి గోడ వ్యాసం 0.65, చుట్టుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు. మొత్తం కలిపితే పొర అంతటికీ నాజిల్ నడిచే దూరం 7 మిల్లీమీటర్ల లోపే. సెకనుకు 40 మిల్లీమీటర్ల వేగంతో ఇది సెకనులో ఐదో వంతు కన్నా తక్కువ సమయంలో అయిపోతుంది. సుమారు 200 డిగ్రీల వేడితో బయటికి వచ్చిన పీఎల్‌ఏ 60 డిగ్రీల పరిసరాలకు దిగితే గానీ గట్టిపడదు. అంత తక్కువ వ్యవధిలో అది ఏ ఫ్యాన్‌తోనూ సాధ్యం కాదు.

మూడో మెట్టు: కనీస పొర సమయాన్ని పెట్టండి, దాని హద్దును గుర్తించండి

ప్రతి స్లైసర్‌లోనూ ఇందుకోసం ఒక అమరిక ఉంది. ఒక పొర ఇన్ని సెకన్ల కన్నా త్వరగా పూర్తయ్యేలా ఉంటే వేగం తగ్గించి అంత సమయం పట్టేలా చేయమని దాని అర్థం. ప్రూసాస్లైసర్‌లో ఫిలమెంట్ అమరికల్లోని కూలింగ్ పుటలో `Slow down if layer print time is below` అని ఉంటుంది. క్యూరాలో దాని పేరు `Minimum Layer Time`. పీఎల్‌ఏతో ఇటువంటి సన్నని కొనలకు 10 సెకన్లతో మొదలుపెట్టడం నాకు సబబుగా తోస్తుంది. ప్రూసాస్లైసర్‌లో ఫిలమెంట్ అమరికలను ఫైలుగా దాచుకుంటే అవి ఇలా కనిపిస్తాయి:

```
slowdown_below_layer_time = 10
min_print_speed = 10
fan_always_on = 1
max_fan_speed = 100
```

చాలామంది మొదటి వరుసను మార్చి, రెండో వరుసను చూడకుండా వదిలేస్తారు. కొన ఎప్పటిలాగే కరిగితే ఆ అమరిక పనిచేయడం లేదనుకుంటారు. రెండో వరుసలో ఉన్నది కనీస వేగం. స్లైసర్ ఎంత నెమ్మదించినా సెకనుకు 10 మిల్లీమీటర్ల కన్నా దిగదు. ఈ రెండు అమరికలు తలపడినప్పుడు కనీస వేగానిదే పైచేయి అవుతుంది. మన లెక్క ప్రకారం 7 మిల్లీమీటర్ల దూరాన్ని 10 మిల్లీమీటర్ల వేగంతో నడిస్తే 0.7 సెకను పడుతుంది. మీరు 10 సెకన్లు అడిగారు, దొరికింది సెకను కూడా కాదు. కలశం మొదట్లో, అంటే వ్యాసం 6 మిల్లీమీటర్లు ఉన్న చోట కూడా నాజిల్ నడిచే దూరం లోపలి నింపుడుతో కలిపి 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి, అక్కడ దొరికేది 4 సెకన్లే. అంటే కలశం మొత్తం పొడవునా కనీస పొర సమయం పేరుకే ఉంటుంది.

జీకోడ్ ఫైలులో ఈ సంగతి కంటికి కనిపిస్తుంది. వేగాన్ని అక్కడ నిమిషానికి మిల్లీమీటర్లలో రాస్తారు కాబట్టి సెకనుకు 10 అంటే `F600`. చివరి పొరల్లో ప్లాస్టిక్ వేసే కదలికలన్నీ `F600` దగ్గరే ఆగిపోయి ఉంటే స్లైసర్ తన హద్దుకు చేరిందని, ఇంకేమీ చేయలేకపోతోందని తెలుసుకోవచ్చు.

అలాంటప్పుడు కనీస వేగాన్నే ఇంకా తగ్గిస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. 10 సెకన్లు రావాలంటే వేగం సెకనుకు 0.7 మిల్లీమీటర్లకు దించాలి. అలా చేస్తే 200 డిగ్రీల వేడితో ఉన్న ఇత్తడి నాజిల్ ఆ చిన్న కొన మీదే 10 సెకన్ల పాటు తిష్ఠ వేసుకుని ఉంటుంది. పాలు చల్లారాలంటే పొయ్యి మీద నుంచి దించాలి గానీ మంట తగ్గించి అక్కడే ఉంచితే చల్లారవు. నాజిల్ చుట్టూ ఉన్న హీటర్ దిమ్మ నుంచి వచ్చే వేడి కూడా కొన మీదే పడుతుంది. పైగా అంత నెమ్మదిగా నడిచినప్పుడు నాజిల్ నుంచి ప్లాస్టిక్ అదుపు లేకుండా కారి, ఉన్న ఆకారాన్ని కూడా పాడు చేస్తుంది. కనీస వేగాన్ని 10 దగ్గర ఉంచడమే మంచిది. మరీ అవసరమైతే 8 వరకు దిగవచ్చు. అంతకన్నా దిగితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

కాబట్టి కావలసింది నాజిల్ నెమ్మదించడం కాదు, నాజిల్ ఆ కొనను విడిచి వేరే చోటికి వెళ్ళి, కొంత ఆలస్యంగా తిరిగి రావడం. దానికి పని కల్పించడమే తరువాతి మెట్టు.

నాలుగో మెట్టు: పక్కన తోడు స్తంభం నిలపండి

నమూనా పక్కన, దానితో పాటే ప్రింట్ అయ్యే ఒక గొట్టం లాంటి స్తంభాన్ని పెట్టండి. ప్రతి పొరలోనూ నాజిల్ కొన మీద తన చిన్న పని పూర్తి చేసి, స్తంభం దగ్గరకు వెళ్ళి ఒక చుట్టు తిరిగి వస్తుంది. ఆ లోపు కొన మీద ఫ్యాన్ గాలి, గది గాలి తప్ప వేడి ఏదీ ఉండదు. ప్రింట్ అయ్యాక స్తంభాన్ని తీసి పక్కన పడేస్తాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన కరుగుతుంటే అదే నమూనాను రెండు తీయమని సలహా తరచూ వినిపిస్తుంది. పైభాగం వెడల్పుగా ఉండే వస్తువులకు ఆ సలహా పనిచేస్తుంది గానీ సూదిగా ముగిసే కలశానికి చాలదు, ఎందుకంటే రెండు నమూనాలూ ఒకే ఎత్తు దగ్గర ఒకే విధంగా సన్నబడతాయి. రెండు కొనల దూరం కలిపితే 14 మిల్లీమీటర్లు. కనీస వేగంతో 1.4 సెకన్లు, మధ్యలో వెళ్ళి రావడానికి మరో అర సెకను. మొత్తం రెండు సెకన్లు కూడా కాలేదు. ఆరు నమూనాలు ఒకేసారి పెట్టినా 6 సెకన్లకు చేరడం కష్టం. మీకు నిజంగా ఆరు జ్ఞాపికలు కావాలంటే ఒకేసారి తీయండి, కొంత మేలు జరుగుతుంది. ఒక్కటే కావాలంటే మాత్రం సన్నబడని స్తంభమే దారి. మీ నమూనాలో పై దూలం మీద మొగ్గల్లాంటి కొనలు వరుసగా ఉన్నా ఇదే సూత్రం వర్తిస్తుంది: అవి ఒకదానికొకటి కొంత తోడవుతాయి గానీ, అన్నిటికన్నా ఎత్తైనది చివరికి ఒంటరిగానే మిగులుతుంది.

స్తంభం కొలతలు ఎలా నిర్ణయించాలో చూద్దాం. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం, రెండు గోడలు అనుకుంటే, బయటి గోడ చుట్టుకొలత 61, లోపలి గోడది 59; మొత్తం 120 మిల్లీమీటర్లు. కొన దగ్గరి 7 మిల్లీమీటర్లతో కలిపితే 127. దీనిని 10 సెకన్లలో నడవాలంటే వేగం సెకనుకు 12.7 మిల్లీమీటర్లు. ఇది కనీస వేగమైన 10 కన్నా ఎక్కువే కాబట్టి స్లైసర్ మీరు అడిగిన 10 సెకన్లను నిజంగానే ఇవ్వగలుగుతుంది. అందులో కొన మీద నాజిల్ ఉండేది అర సెకను మాత్రమే, మిగిలిన తొమ్మిదిన్నర సెకన్లూ కొనకు విశ్రాంతి. ఇదే గొట్టాన్ని 15 మిల్లీమీటర్ల వ్యాసంతో తీసుకుంటే దూరం 89 మాత్రమే వస్తుంది, కొనతో కలిపి 96, వేగం 9.6కు దిగాలి, అది హద్దుకు కొంచెం కిందికి పోతుంది. అందుకే 20 మిల్లీమీటర్లను ఎంచుకున్నాను. 10 సెకన్లకు బదులు వేరే సమయం కావాలనుకుంటే గుర్తుంచుకోవలసింది ఇంతే: కొనలోని దూరం, స్తంభంలోని దూరం కలిపిన మొత్తం, కనీస వేగాన్ని కావలసిన సెకన్లతో గుణిస్తే వచ్చే సంఖ్య కన్నా ఎక్కువగా ఉండాలి.

స్లైసర్‌లో ఈ స్తంభాన్ని చేయడానికి వేరే డిజైన్ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ప్రూసాస్లైసర్‌లో, ఓర్కాలో ఖాళీ బెడ్ మీద కుడి బటన్ నొక్కితే సిలిండర్ ఆకారాన్ని చేర్చే వీలు ఉంటుంది. దాని కొలతలను 20, 20, 61 అని మార్చండి. ఎత్తు శిఖరం కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండటం ముఖ్యం. స్తంభం ముందే ముగిసిపోతే, సరిగ్గా అవసరమైన చివరి పొరల్లోనే కొన మళ్ళీ ఒంటరిదవుతుంది. తరువాత ఆ సిలిండర్‌కు మాత్రమే వర్తించేలా లోపలి నింపుడును సున్నా చేయండి, పై పొరలను సున్నా చేయండి, గోడలను రెండుగా ఉంచండి. అడుగు పొరలను మాత్రం తీసివేయకండి, అవి స్తంభాన్ని బెడ్‌కు పట్టి ఉంచుతాయి. చుట్టూ 4 మిల్లీమీటర్ల బ్రిమ్ కూడా పెట్టండి. మధ్యలో స్తంభం ఊడిపోతే నాజిల్ దాన్ని ఈడ్చుకుంటూ వచ్చి శిఖరాన్ని కూడా పడగొట్టవచ్చు.

శిఖరానికి, స్తంభానికి మధ్య 30 నుంచి 40 మిల్లీమీటర్ల దూరం చాలు. మరీ దగ్గరగా పెడితే హీటర్ దిమ్మ వేడి కొనకు తగులుతూనే ఉంటుంది. మరీ దూరంగా పెడితే నాజిల్ ప్రయాణంలో సన్నని దారాలు సాగుతాయి. వస్తువులను ఒకదాని తరువాత ఒకటి పూర్తి చేసే అమరిక ఏదైనా ఆన్‌లో ఉంటే దాన్ని తీసివేయండి. రెండూ పొరపొరకూ కలిసి పెరగాలి.

ఖర్చు ఎంతని అడుగుతారు. ఈ స్తంభానికి పట్టే ఫిలమెంట్ సుమారు 4 గ్రాములు. కలశం 12 మిల్లీమీటర్లలో 60 పొరలు ఉంటాయి, పొరకు 10 సెకన్ల చొప్పున అది పది నిమిషాలు. కింది పొరల్లో స్తంభం కోసం అదనంగా పట్టే సమయం మరో పావుగంటకు అటూ ఇటూ. పాడైన శిఖరాన్ని మళ్ళీ మొదటి నుంచి తీయడంతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు.

స్తంభం వల్ల వచ్చే కొత్త చిక్కు దారాలు. ప్రతి పొరలోనూ నాజిల్ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి వెంట్రుకల్లాంటి పోగులు కొనకు అంటుకుంటాయి. రిట్రాక్షన్ సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి. వానాకాలంలో ఫిలమెంట్ చెమ్మ పీల్చుకుని దారాలు మరీ ఎక్కువవుతాయి, కాబట్టి రీలును సిలికా జెల్ సంచులతో మూత గట్టిగా పడే డబ్బాలో ఉంచండి. మిగిలిన పోగులను ప్రింట్ పూర్తిగా చల్లారాక పదునైన బ్లేడుతో తీసేయవచ్చు. లైటర్ మంట చూపించే అలవాటు కొందరికి ఉంది. ఇంత సన్నని కలశానికి మాత్రం దాన్ని దగ్గరకు రానీయవద్దు.

క్యూరాలో `Lift Head` అనే మరో ఉపాయం ఉంది. సమయం మిగిలితే నాజిల్‌ను పైకి, పక్కకు తీసి కాసేపు ఆపుతుంది. ఆగిన చోట నాజిల్ నుంచి ప్లాస్టిక్ కారుతుంది, తిరిగి వచ్చినప్పుడు ఆ చుక్క కొనకు అంటుకుంటుంది. స్తంభం పెట్టుకోవడానికి బెడ్ మీద చోటు లేనప్పుడు మాత్రమే దీన్ని వాడమని చెబుతాను.

ఐదో మెట్టు: గాలి నిజంగా కొన మీద పడుతోందో చూడండి

ప్రింటర్ తల మీద సాధారణంగా రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి నాజిల్ పైనున్న లోహపు రెక్కలను చల్లబరుస్తూ ఎప్పుడూ తిరుగుతుంది. అది తిరుగుతోంది కదా అని నమూనా చల్లారుతోందనుకోకూడదు. మనకు కావలసినది రెండోది, ప్రింట్ అవుతున్న భాగం మీదికి గాలి ఊదేది. ప్రింటర్‌కు `M106 S255` అనే ఆదేశం పంపితే అది పూర్తి వేగంతో తిరుగుతుంది, `M107` పంపితే ఆగుతుంది. తిరుగుతున్నప్పుడు ఒక సన్నని కాగితపు ముక్కను నాజిల్ మొన కింద, దానికి తగలకుండా పట్టుకుని చూడండి. కాగితం నాజిల్ మొన దగ్గరే బాగా రెపరెపలాడాలి. మొనకు పైనో, పక్కనో రెపరెపలాడి మొన దగ్గర ఊరుకుంటే గాలి గొట్టం వంగి ఉంది, లేదా దుమ్ముతో, ప్లాస్టిక్ పోగులతో మూసుకుపోయింది.

గాలి ఒక్క పక్క నుంచే వచ్చే ప్రింటర్లలో కొన కూడా ఒక్క పక్కే త్వరగా గట్టిపడుతుంది, రెండో పక్క మెత్తగా మిగులుతుంది. కొన ఎప్పుడూ ఒకే దిక్కుకు, అది కూడా గాలికి దూరంగా ఉన్న వైపు పాడవుతుంటే కారణం ఇదే. రెండు వైపుల నుంచి ఊదే గొట్టాన్ని అమర్చుకోవడం దీనికి శాశ్వత పరిష్కారం. ఫ్యాన్‌నే మార్చదలచుకుంటే మీ ప్రింటర్ 12 వోల్టులదో 24 వోల్టులదో చూసి కొనండి.

పీఎల్‌ఏకు మొదటి ఒకటి రెండు పొరలు తప్ప మిగతా అంతటా ఫ్యాన్‌ను నూరు శాతం ఉంచవచ్చు.

ఆరో మెట్టు: మే నెలలో లెక్క మార్చండి

చలి దేశాల్లో రాసిన సూచనలు మన దగ్గర ఎండాకాలంలో తప్పడానికి ఒక సూటి కారణం ఉంది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే ఊదుతుంది. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. రామగుండం, మంచిర్యాల వైపు ఇంకా ఎక్కువ. రేకుల కప్పు కింద, పై అంతస్తు గదిలో ప్రింటర్ ఉంటే పరిస్థితి చెప్పనవసరం లేదు. పీఎల్‌ఏ మెత్తబడేది 60 డిగ్రీల దగ్గర. డిసెంబరులో గది 25 డిగ్రీలు ఉంటే ఆ రెండింటి మధ్య 35 డిగ్రీల తేడా ఉంటుంది, మేలో 42 డిగ్రీల గదిలో 18 మాత్రమే మిగులుతుంది. వస్తువు చల్లారే వేగం చుట్టూ ఉన్న గాలితో దానికున్న తేడా మీద ఆధారపడుతుంది కాబట్టి, చివరి కొన్ని డిగ్రీలు దిగడం మేలో చాలా ఆలస్యమవుతుంది.

న్యూటన్ శీతలీకరణ సూత్రంతో దీన్ని అంచనా వేయవచ్చు. 200 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు దిగడానికి 25 డిగ్రీల గదిలో 10 సెకన్లు పడుతుందనుకుంటే, 42 డిగ్రీల గదిలో అదే పనికి సుమారు 14 సెకన్లు పడుతుంది. కింది పొరల వేడి, నాజిల్ వేడి ఈ లెక్కలో లేవు కాబట్టి దీన్ని కచ్చితమైన సంఖ్యగా తీసుకోకండి, కానీ ఎంత మార్చాలో చెప్పడానికి ఇది చాలు. ఎండాకాలంలో కనీస పొర సమయాన్ని 14 లేదా 15 సెకన్లు పెట్టండి. మన సూత్రం ప్రకారం 15 సెకన్లకు 150 మిల్లీమీటర్ల దూరం కావాలి కాబట్టి తోడు స్తంభం వ్యాసాన్ని 25 మిల్లీమీటర్లకు పెంచండి. అప్పుడు స్తంభంలోనే 150 మిల్లీమీటర్లకు పైగా దూరం వస్తుంది.

అంతకన్నా మేలైనది వేళ మార్చుకోవడం. తెల్లవారుజామున మొదలుపెడితే అదే గది ఎన్నో డిగ్రీలు చల్లగా ఉంటుంది. ప్రింటర్‌కు పెట్టె లాంటి మూత ఉంటే పీఎల్‌ఏ ప్రింట్ చేస్తున్నంతసేపు తలుపు తీసి, పైమూత తొలగించి ఉంచండి. ఎయిర్ కూలర్ గాలిని నేరుగా ప్రింటర్ మీదికి తిప్పవద్దు. అది చల్లగానే ఉంటుంది గానీ చెమ్మను మోసుకొచ్చి ఫిలమెంట్‌ను పాడు చేస్తుంది.

ఇంకా మెత్తగానే ఉంటే

ఇంతవరకు చెప్పినవన్నీ చేశాక కూడా కొన మెరుస్తూ వస్తుంటే నాజిల్ వేడిని ఐదైదు డిగ్రీలు తగ్గించి చూడండి. 210తో తీస్తుంటే 205, తరువాత 200, ఆపైన 195. దీని ప్రభావం తోడు స్తంభమంత పెద్దది కాదు, కానీ ప్రతి పొరతో వచ్చి పడే వేడి కొంత తగ్గుతుంది, కారడం కూడా తగ్గుతుంది. మరీ తగ్గిస్తే పొరలు ఒకదానికొకటి సరిగా అతకవు. కలశాన్ని వేలితో మెల్లగా వంచి చూసినప్పుడు పొర గీత దగ్గర టక్కున విరిగితే ఐదు డిగ్రీలు మళ్ళీ పెంచండి.

ఒకేసారి అన్నీ మార్చవద్దు. ఏది పనిచేసిందో తెలియకపోతే తరువాతి నమూనాకు మళ్ళీ మొదటికి వస్తారు. పరీక్షించడానికి శిఖరం మొత్తం తీయనవసరం కూడా లేదు. స్లైసర్‌లో కట్ సాధనంతో 46 మిల్లీమీటర్ల దగ్గర కోసి, పైనున్న 14 మిల్లీమీటర్ల ముక్కను మాత్రమే, దాని ఎత్తుకు తగిన పొట్టి స్తంభంతో తీసి చూడండి. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి: పొట్టి ముక్కలో కొన బెడ్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి బెడ్ వేడి కొంత ఎక్కువగా తగులుతుంది. అక్కడ బాగా వచ్చిన అమరిక పూర్తి శిఖరంలో ఇంకా బాగా వస్తుంది.

పీఈటీజీ వాడేవారు ఫ్యాన్‌ను మామూలుగా 30 నుంచి 50 శాతం వరకే ఉంచుతారు. కలశం దగ్గర మాత్రం దాన్ని 80 శాతానికి పెంచుకోవచ్చు. ఏబీఎస్‌కు గాలి ఎక్కువైతే పొరలు విడిపోయి పగుళ్ళు వస్తాయి, కాబట్టి అక్కడ ఫ్యాన్ మీద ఆధారపడకుండా తోడు స్తంభంతోనే సమయం ఇవ్వాలి.

చివరగా, ఏ అమరికా దాటలేని ఒక హద్దు ఉంది. 0.4 నాజిల్‌తో ఒక మిల్లీమీటరు కన్నా సన్నని కొన నికరంగా రావడం కష్టం, ఎందుకంటే అక్కడ పొర అంటే నాజిల్ ఒక్క చోట దించి ఎత్తే చుక్క మాత్రమే. నాజిల్ మొన చుట్టూ ఉన్న చదునైన అంచు కూడా ఆ చుక్క కన్నా వెడల్పుగా ఉండి దాన్ని అదిమేస్తుంది. మీ డిజైన్‌లో కలశం సూదిమొనగా ముగిస్తే దాన్ని 1.2 మిల్లీమీటర్ల దగ్గర మొండిగా కోయండి. చేతిలో పట్టుకుని చూసేవారికి ఆ తేడా కనిపించదు. నిజంగా సూదిమొన కావాలంటే 0.25 నాజిల్ బిగించుకోవాలి, లేదా కలశం నడుమ ఒక మిల్లీమీటరు రంధ్రం వదిలి, ప్రింట్ అయ్యాక అందులో సన్నని ఇత్తడి తీగ ముక్కను జిగురుతో నిలపాలి. జ్ఞాపికలకు నేను రెండోదే ఎంచుకుంటాను. ఇత్తడి కొన ప్లాస్టిక్ కొన కన్నా అందంగా ఉంటుంది, చేతులు మారినప్పుడు విరగదు కూడా.